అద్దం మీద నేరం మోపకండి, ఫోటోగ్రాఫరు గారూ

"ఈ ఫోటోల్లో ఉన్నది నేను కాదు" అని ఒక పెళ్లికూతురు అంటే ఫోటోగ్రాఫరు ఏం చెయ్యాలి? "ఎక్కడ తేడా వచ్చిందమ్మా, చూద్దాం రండి" అని కంప్యూటరు ముందు కుర్చీ వెయ్యాలి. నాకు తెలిసిన మర్యాద అది. మా అక్క కూతురికి మాత్రం కుర్చీ దక్కలేదు, రెండు పేజీల ఉత్తరం దక్కింది. అద్దంలో మనం చూసుకునే మొహం అసలు మొహం కాదనీ, కెమెరా చూపించేదే నిజమనీ, మొదట్లో అందరికీ ఇలాగే కొత్తగా అనిపిస్తుందనీ, నాలుగు రోజులు చూస్తే అలవాటైపోతుందనీ చాలా ఓపిగ్గా, చాలా గౌరవంగా రాసిన ఉత్తరం. అది చదివి పిల్ల నిజంగానే సందేహంలో పడింది. "నా మొహం నాకే తెలీదంటున్నాడు పిన్నీ" అంది.

ఆ ఒక్క మాటకే నాకు ఒళ్ళు మండి ఇది రాస్తున్నాను.

చెప్పొద్దూ, ఉత్తరం మొదటి పేజీలో అబద్ధం లేదు. వచ్చిన చిక్కంతా అదే. పచ్చి అబద్ధాన్ని పట్టుకోవడం తేలిక. నాలుగు నిజాలు ముందు నిలబెట్టి వాటి వెనకాల ఒక అబద్ధాన్ని కూర్చోబెడితే పట్టుకోవడానికి కాస్త కష్టపడాలి. నేనేమో బి.ఏ. తెలుగు. కెమెరా గురించి నాకేం తెలుసు? అందుకని మా వీధి చివర స్టూడియోలో ఎడిటింగ్ చేసే కుర్రాడి పక్కన రెండు మధ్యాహ్నాలు కూర్చుని, ఆ ఉత్తరంలో ఒక్కొక్క మాటా చదివి వినిపించి, ఇది నిజమా, ఎంతవరకు నిజం అని అడిగాను. అతను నవ్వుతూనే అన్నీ చూపించాడు. (రెండో రోజు పులిహోర పట్టుకెళ్ళాను. ఊరికే చెప్పించుకుంటే బాగుండదు కదా.)

ఉత్తరంలో మొదటి మాట అద్దం గురించి. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి. మనం రోజూ చూసుకునేది ఆ తిరగబడ్డ మొహాన్నే, మిగతా లోకమంతా చూసేది తిరగబడని మొహాన్ని. ఎవరి మొహమూ రెండువైపులా ఒకేలా ఉండదు. ఒక కనుబొమ కొంచెం పైకుంటుంది, పాపిడి ఒకవైపు ఉంటుంది, నవ్వితే ఒక పక్కకే సాగుతుంది. అందుకే ఫోటోలో మన మొహం మనకి వంకరగా కనిపిస్తుంది, పక్కనున్న వాళ్ళకి మాత్రం బాగానే ఉంటుంది. 1977లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు కొందరు అమ్మాయిల ఫోటోలు తీసి, ఒకటి మామూలుగానూ ఒకటి అద్దంలో లాగా తిప్పీ ముద్రించి, ఏది బాగుందని అడిగారట. అమ్మాయిల్లో ఎక్కువమంది అద్దంలో లాంటి దాన్ని ఎంచుకుంటే, వాళ్ళ స్నేహితుల్లో ఎక్కువమంది మామూలు దాన్ని ఎంచుకున్నారు. ఎవరు దేన్ని రోజూ చూస్తారో వాళ్ళకి అదే నచ్చుతుందన్నమాట. ఉత్తరంలో "అలవాటు" అన్న మాట ఇక్కడ చెల్లుతుంది.

దీన్ని ఇంట్లో పరీక్షించుకోవడానికి ఏ ఇంజనీరూ అక్కర్లేదు. ఫోను గ్యాలరీలో ఎడిట్ నొక్కితే ఫోటోని అడ్డంగా తిప్పే గుర్తు ఉంటుంది. తిప్పగానే "ఆ, ఇది నేనే" అనిపిస్తే తేడా అద్దం వల్ల వచ్చిందే, ఫోటోగ్రాఫరుని వదిలెయ్యండి. తిప్పినా మీరు కాకపోతే అద్దానికి ఇందులో సంబంధం లేదు. మా పిల్ల తిప్పి చూసుకుంది. పమిట కుడి భుజం మీదకి వచ్చింది, ముక్కుపుడక అటు మారింది. మొహం మాత్రం అప్పుడూ పరాయిదే.

ఉత్తరంలో రెండో మాట లెన్సు గురించి. ఇదీ నిజమే, నాకు భలే నచ్చింది కూడా. కాకపోతే కొంచెం సరిచెయ్యాలి. మొహం ఆకారాన్ని మార్చేది లెన్సు కన్నా ముందు దూరం. కెమెరా దగ్గరికి వచ్చేకొద్దీ దానికి ముందున్న ముక్కు పెద్దదవుతుంది, వెనకున్న చెవులు చిన్నవవుతాయి. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో, అయిదడుగుల నుంచి తీసిన ఫోటోతో పోలిస్తే, ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికాలో వైద్యులు లెక్కకట్టి చెప్పారు. సెల్ఫీలు చూసుకుని ముక్కు ఆపరేషన్లకి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారని ఆ లెక్క వేశారట. అద్దానికి రెండడుగుల దూరంలో నిలబడితే మన ప్రతిబింబం అద్దం వెనక మరో రెండడుగుల్లో ఉన్నట్టు లెక్క, అంటే నాలుగడుగుల నుంచి మనల్ని మనం చూసుకుంటున్నాం. పెళ్లిలో విడిగా పెళ్లికూతురి ఫోటో తీసేటప్పుడు ఏ ఎనిమిది, పదడుగుల అవతలో నిలబడి తీస్తారు. అక్కడి నుంచి ముక్కు కాస్త తగ్గి మొహం కాస్త పరుచుకున్నట్టు ఉంటుంది. మండపం మీద చోటు లేక తలంబ్రాలు దగ్గర నుంచి వెడల్పు లెన్సుతో తీశారనుకోండి, ఫ్రేము అంచున ఉన్నవాళ్ళు అడ్డంగా సాగుతారు. గ్రూపు ఫోటోలో చివర నిలబడ్డ పెద్దత్తయ్య ఇంట్లో కన్నా లావుగా ఎందుకుందో ఇప్పుడు తెలిసింది కదా. ఈసారి నుంచి మధ్యలోకి దూరండి.

మూడో మాట వెలుతురు. ఇక్కడి నుంచి నిజం సగానికి వచ్చింది. వీడియో లైట్లు రెండూ ఎదురుగా పెడితే ముక్కు పక్క నీడా, చెంప కింద నీడా పోయి మొహం చదునుగా కనిపిస్తుంది. మండపానికి వేసిన ఊదారంగు లైట్లు చర్మం మీద పడితే ఆ రంగు తియ్యాలి. ఇవన్నీ సరే. మధుపర్కాల సంగతి కూడా రాశాడు, నేనైతే మొదటిసారి విన్నాను. కెమెరా తనంతట తాను వెలుతురు లెక్క వేసుకునేటప్పుడు ఎదురుగా ఉన్నదంతా కలిపి ఒక మధ్యరకం బూడిదరంగు అనుకుంటుందట. వధూవరులిద్దరూ తెల్ల మధుపర్కాల్లో కూర్చుంటే ఫ్రేములో తెలుపు ఎక్కువై, "అబ్బో వెలుతురు ఎక్కువైంది" అని కెమెరా తగ్గించేస్తుంది. తెల్లబట్ట మాసినట్టూ, మొహాలు ఉన్నదాని కన్నా నల్లగానూ పడతాయి. అప్పుడు కంప్యూటరులో వెలుతురు పెంచడం తప్పు కాదు, పెంచకపోతేనే తప్పు.

అయితే ఇక్కడే ఆగి ఒక సంగతి అడగాలి. వెలుతురు పెంచితే ఎవరికి పెరుగుతుంది? అందరికీ పెరగాలి. మొహంతో పాటు చేతులకీ, పిల్లతో పాటు పక్కన కూర్చున్న తండ్రికీ, చీరకీ, వెనకున్న బంతిపూలకీ.

మా పిల్ల అడగ్గా అడగ్గా ఒక ఇరవై ఒరిజినల్ ఫోటోలు, ఎడిటింగ్ చెయ్యనివి, ఇచ్చారు. ఇది తప్పకుండా అడగండి. చుట్టాలు ఫోన్లో తీసిన వాటితో పోల్చుకుంటే చాలదు, ఈ మధ్య ఫోన్లు కూడా చెప్పకుండానే మొహం నున్నగా చేసి ఇస్తున్నాయి. వాటిల్లో నుంచి జీలకర్ర బెల్లం ఫోటో తీసుకున్నాం. పిల్ల చెయ్యి వరుడి నెత్తిమీద ఉంది కాబట్టి మొహమూ చేతివేళ్ళూ రెండూ ఒకే వెలుతురులో, పక్కపక్కనే ఉన్నాయి. మా కుర్రాడు ఒరిజినల్ ఫోటోలో ఆమె చెంప మీద కంప్యూటరు బాణం పెట్టాడు. సున్నా అంటే నలుపు, 255 అంటే తెలుపు అనుకుంటే చెంప 160 దగ్గర ఉంది. మేకప్ ఉంది కాబట్టి వేళ్ళు కొంచెం తక్కువ, 140 దగ్గర. ఆల్బమ్ ఫోటోలో వేళ్ళు ఇంచుమించు అవే 140. చెంప మాత్రం 215.

వెలుతురే కారణమైతే రెండూ పెరిగేవి. లెన్సే కారణమైతే ఆకారం మారేది, రంగు మారేది కాదు. ఇక అద్దం! అద్దం కుడిని ఎడమ చేస్తుంది గానీ చామనఛాయని దబ్బపండు ఛాయ చెయ్యదు. ఆ 55 అంకెల తేడాకి ఆ రెండు పేజీల ఉత్తరంలో జవాబు లేదు. ఎందుకంటే ఆ తేడాని ఒక మనిషి కుర్చీలో కూర్చుని, మౌసు పట్టుకుని, చెంప చుట్టూ గీత గీసి, కావాలని తెచ్చాడు.

ఎలా చేస్తారో కూడా చూశాను. మనిషి చర్మం నలుపైనా తెలుపైనా కంప్యూటరు కంటికి ఎక్కువగా నారింజ రంగు కిందకే వస్తుందట. ఫోటోలో ఒక్క నారింజ రంగుని మాత్రం తేటగా చేసే మీట ఒకటి ఉంది. దాన్ని కుడివైపు జరిపితే చాలు, చీర చీరలాగే ఉంటుంది, ఆకుపచ్చ తోరణం అలాగే ఉంటుంది, మనుషులు మాత్రం తెల్లబడిపోతారు. వేల ఫోటోలకి ఒక్క దెబ్బలో వేసెయ్యొచ్చు. కానీ ఆ మీటకి చర్మమేదో బంతిపువ్వేదో తెలీదు. బంతిపూల దండలు, బంగారం, గోరింటాకు, అన్నీ చర్మంతో పాటు వెలిసిపోతాయి. కాబట్టి మీ ఆల్బమ్ తెరిచినప్పుడు ముందు మీ మొహం చూసుకోకండి, వెనకున్న బంతిపూలు చూడండి. మూడుసార్లు ఉతికిన బట్టలా ఉన్నాయా, మీట జరిగినట్టే. పూలు నిండుగా ఉండి మొహం మాత్రం తెల్లగా ఉంటే మొహం వరకే గీత గీసి చేశారన్నమాట. అప్పుడు మెడ చూడండి, చెవి వెనక చూడండి, చేతులు చూడండి. గీత గీసేవాళ్ళకి చెవులు గుర్తుండవు. మేకప్ వల్ల కూడా మెడకీ మొహానికీ కొంత తేడా ఉంటుంది, అందుకే ఒరిజినల్ పక్కన పెట్టుకుని చూడమనేది.

మా పిల్లకి పెదవి కింద ఎడమవైపు పుట్టుమచ్చ ఉంది. మా అమ్మకి అక్కడే ఉండేది. ఆల్బమ్‌లో లేదు. దవడ కొంచెం కోసుగా ఉంది, అది ఎలా తెలిసిందంటే చెక్కిలి పక్కన మండపం స్తంభం లోపలికి వంగింది! నిలువు స్తంభం వంగదు కదా. దవడని కంప్యూటరులో లోపలికి నొక్కినప్పుడు పక్కనున్నవి కూడా కాస్త లాగబడతాయి. స్తంభాలూ, తలుపు అంచులూ, చీర జరీ గీతలూ ఇలాంటి చోట సాక్ష్యం చెప్తాయి.

వీటన్నిట్లోకి నేను మర్చిపోలేనిది కన్యాదానం ఫోటో. మా బావగారు నల్లగా ఉంటారు. పిల్లకి ఆ రంగూ, ఆ కళ్ళూ ఆయన నుంచే వచ్చాయి. చిన్నప్పుడు వీధిలో నడుస్తుంటే ఎవరూ "ఎవరమ్మాయివి" అని అడిగేవాళ్ళు కాదు, చూస్తే తెలిసిపోయేది. ఆ ఫోటోలో ఎడిటింగ్ చేసినవాళ్ళు పెళ్లికూతురు వరకే తెల్లబరిచి తండ్రిని వదిలేశారు. డబ్బులిచ్చింది పెళ్లికూతురి మొహానికి కదా! అల్లుడి చేతిలో కూతురి చెయ్యి పెడుతున్న ఆ మనిషికీ, ఆ తెల్లటి పిల్లకీ చుట్టరికం లేనట్టుంది. రేపు ఆమె కూతురు ఆ ఫోటో చూసి "నువ్వు తెల్లగా ఉండేదానివి, నేనెందుకు నల్లగా ఉన్నానమ్మా" అని అడిగితే, ఆ ప్రశ్నకి కూడా ఈ ఉత్తరమే చదివి వినిపించాలా?

ఇక ఉత్తరం చివర్లో ఒక వాక్యం ఉంది. మిగతా రెండు పేజీలూ ఆ వాక్యాన్ని దాచడానికే రాశాడని నా అనుమానం. "సాధారణంగా ఫ్యామిలీలో పెద్దవాళ్ళు బ్రైట్‌గా ఉండాలనే కోరుకుంటారు మేడమ్." అదిగో, అసలు కారణం. అద్దమూ కాదు, లెన్సూ కాదు. "బ్రైట్" అనే మాట ఎంత సౌకర్యంగా ఉందో చూడండి. 2020లో ఆ ప్రసిద్ధమైన క్రీము తన పేరులోంచి "ఫెయిర్" తీసేసి "గ్లో" పెట్టుకుంది. మనం కూడా అంతే, తెలుపు అనడం మానేసి బ్రైట్ అంటున్నాం. అర్థం మారలేదు.

ఈ వాక్యంలో ఫోటోగ్రాఫరుది ఎంత తప్పో, మన ఇళ్ళల్లో వాళ్ళదీ అంత తప్పుంది. ఆల్బమ్ సెలక్షన్‌కి వెళ్ళినప్పుడు కంప్యూటరు వెనక నిలబడి "మొహం కొంచెం తేల్చు బాబూ" అనేది ఎవరు? తల్లులు, మేనత్తలు, పిన్నులు. అతను వందసార్లు విన్న మాట నూటొకటోసారి అడక్కుండానే చేసేశాడు. వ్యాపారం అలాగే నడుస్తుంది, నాకు తెలుసు. కానీ అడిగినవాళ్ళకి చెయ్యడం వేరు, అడగని పిల్లకి చెయ్యడం వేరు, చేసి "నీ కళ్ళదే పొరపాటు" అని ఉత్తరం రాయడం మరీ వేరు. మొదటిది రుచి, రెండోది చొరవ, మూడోదానికి నా దగ్గర మర్యాదైన మాట లేదు.

ఎడిటింగే వద్దనేంత ఛాందసం నాకు లేదు. పెళ్లి హడావుడిలో రెండు రాత్రులు నిద్రలేక కళ్ళ కింద పడ్డ నలుపు తగ్గిస్తే ఎవరికి నష్టం? మొహం మీద లేచిన మొటిమ తీసెయ్యండి బాబూ, సంతోషం. మా కుర్రాడు చెప్పిన కొలత నాకు నచ్చింది. రెండు వారాల్లో తనంతట తానే పోయేది తీసెయ్యొచ్చట, మనిషితో పాటు ఉండేది అడక్కుండా ముట్టుకోకూడదట. మొటిమ, కాటుక మరక, చెమట మెరుపు మొదటి రకం. పుట్టుమచ్చ, దవడ, రంగు రెండో రకం. ఇంతకన్నా పెద్ద శాస్త్రం అక్కర్లేదు.

పిల్ల ఊరుకోలేదు. ఆ ఇరవై ఒరిజినల్సూ, ఆల్బమ్ ఫోటోలూ పక్కపక్కన పెట్టి, చెంప అంకెలూ వేళ్ళ అంకెలూ కింద రాసి పంపింది. ఈసారి ఉత్తరం రాలేదు, ఫోను వచ్చింది. పదకొండు ఫోటోలు మళ్ళీ చేసిచ్చారు. పుట్టుమచ్చ వచ్చింది, స్తంభం నిటారుగా నిలబడింది, కన్యాదానం ఫోటోలో తండ్రీ కూతుళ్ళు మళ్ళీ తండ్రీ కూతుళ్ళయ్యారు. ఆల్బమ్ షీట్లు మళ్ళీ ప్రింటు చెయ్యడానికి ఖర్చెవరిదన్న గొడవ మాత్రం ఇంకా తెగలేదు. ముందుగా రాసుకోలేదు కాబట్టి మాది అని ఆయన, అడక్కుండా చేశారు కాబట్టి మీది అని మా అక్క.

అందుకే ఫాల్గుణంలో మా ఆడపడుచు కూతురి పెళ్లికి అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఒప్పందం కాగితం కిందే నాలుగు వాక్యాలు రాయించాం. చర్మం రంగు మార్చకూడదు, వెలుతురు సరిచేస్తే ఫ్రేములో అందరికీ సరిచెయ్యాలి. మొహం, ఒంటి ఆకారం మార్చకూడదు, పుట్టుమచ్చలు తీయకూడదు. ప్రింటుకి పంపే ముందు అయిదు ఫోటోలు, ఒరిజినల్‌తో పాటు, పెళ్లికూతురికే చూపించాలి. ఆమె ఒప్పుకోకుండా ప్రింటు చేస్తే మళ్ళీ చేసే ఖర్చు స్టూడియోది. ఫోటోగ్రాఫరు చదివి, "పెళ్లికూతురికేనా, ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించొద్దా?" అని అడిగాడు. మా ఆడపడుచు నోరు తెరిచేలోపు పిల్లే, "నాకే" అని సంతకం పెట్టింది.